మన హాస్టల్ మెస్ బిల్లు – ఒక భాగహారం కథ

మన హాస్టల్ గురించి ఏదైనా రాయమని సంచిక సంపాదక వర్గం వారు అడిగారు. సాంబారు గురించీ, ఆదివారం పూరీల గురించీ రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి నేను మెస్ లెక్కల గురించి రాస్తానన్నాను. ఈ హాస్టల్లో ఐదేళ్లు తిని చదువుకున్నవాణ్ణి. తర్వాత ఇక్కడే లెక్కల ఉపాధ్యాయుడిగా చేరి, చాలా ఏళ్లు మెస్ కమిటీ పుస్తకాలు చూశాను. అందువల్ల ఆ పని నాకే తగిందనుకుంటాను.

ఒక విద్యార్థికి రోజుకు తిండి ఖర్చు ఎంత? ఈ ప్రశ్నకు జవాబు ఒక భాగహారం. పైన మొత్తం ఖర్చు ఉంటుంది, కింద తిన్నవాళ్ల సంఖ్య ఉంటుంది. తల్లిదండ్రులు, కమిటీ సభ్యులు, ఆఖరికి మనమూ ఎప్పుడూ పై అంకె గురించే మాట్లాడుకున్నాం. టమాటా పెరిగింది, నూనె పెరిగింది, గ్యాస్ పెరిగింది అనుకున్నాం. నా అనుభవంలో మన హాస్టల్ చరిత్రను ఎక్కువగా నడిపింది మాత్రం కింది అంకె. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

బియ్యం బస్తాల కాలం

మన తాతల కాలంలో పేద పిల్లలు పట్నంలో చదువుకోవాలంటే వారాలు చేసుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో భోజనం. అక్కడ తలసరి ఖర్చు అనే మాటే లేదు. పదిమందికి వండిన ఇంట్లో పదకొండో విస్తరి లెక్కలోకి రాదు. తర్వాత హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాదులో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి చొరవతో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ అందరికీ తెలిసిందే. పిల్లలందరినీ ఒకచోట చేర్చి వండిపెట్టడం మొదలయ్యాక, ఆ ఖర్చు ఎవరెవరు ఎంతెంత భరించాలన్న ప్రశ్న కూడా మొదలైంది.

మన హాస్టల్లో తొలినాళ్లలో ఆ ప్రశ్నకు సగం జవాబు బియ్యం రూపంలోనే దొరికేది. ప్రతి విద్యార్థి ఇంటి నుంచి బియ్యం తెచ్చి స్టోరుకు జమ చేసేవాడు. కూరగాయలకు, నూనెకు, కట్టెలకు మాత్రం డబ్బు కట్టేవాడు. వినడానికి ఇది బాగానే ఉంటుంది గానీ వంటవాళ్లకు పెద్ద చిక్కు. ఒకరింటివి ఏడాది మాగిన పాత బియ్యం, మరొకరివి నెల కిందట ఆడించిన కొత్త బియ్యం. పాత బియ్యానికి ఎక్కువ ఎసరు కావాలి, అన్నం బాగా ఒదుగుతుంది. కొత్త బియ్యానికి అంత ఎసరు పోస్తే ముద్దవుతుంది. రెండూ ఒకే గుండిగలో పడితే సగం పలుకు, సగం ముద్ద. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక రేషను బియ్యం కూడా వాటిలో కలిసింది.

ఇందులో లెక్కకు సంబంధించిన పాఠం ఒకటుంది. కిలోకు తక్కువ ధర పలికిన బియ్యమే తక్కువ ఖర్చని అనుకోకూడదు. కొత్త బియ్యం, నూక ఎక్కువున్న బియ్యం కిలోకు ఒకటి రెండు రూపాయలు తక్కువకు వస్తాయి. కానీ అన్నం ఒదగదు కాబట్టి అదే పిల్లల కడుపు నిండడానికి మరికాస్త బియ్యం పోయాలి. అందుకే తర్వాతి కాలంలో కొత్త లాటు వచ్చినప్పుడల్లా ముందుగా ఒక కిలో వండి, అన్నం ఎంతయిందో తూచి చూసేవాళ్లం. కొనాల్సింది బియ్యాన్ని కాదు, అన్నాన్ని.

డివైడింగ్ పద్ధతి

బియ్యం తెచ్చే పద్ధతి పోయి అన్నీ మెస్సే కొనడం మొదలయ్యాక, నెలాఖరున మొత్తం ఖర్చును అందరికీ పంచే డివైడింగ్ పద్ధతి వచ్చింది. పెద్ద కాలేజీ హాస్టళ్లలో ఉన్నదే ఇదీ. దీనికి రెండు పుస్తకాలు కావాలి. ఒకటి స్టాకు రిజిస్టరు, రెండోది హాజరు పుస్తకం.

కొత్తగా వచ్చిన కమిటీ సభ్యులు నెలలో వచ్చిన బిల్లులన్నీ కూడి అదే ఖర్చు అనేవారు. అది కొనుగోలు మాత్రమే. నెల 28న పది డబ్బాల నూనె దిగితే ఆ డబ్బు ఈ నెలది, తిండి వచ్చే నెలది. నెల మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేస్తే వచ్చేదే వాడకం. అందుకని నెల చివరి రోజు రాత్రి భోజనాలయ్యాక స్టోరులో ఉన్న ప్రతి బస్తానూ, విప్పిన డబ్బానూ తూచడం తప్పనిసరి. ఆ రాత్రి కాటా దగ్గర నిలబడిన విద్యార్థి ప్రతినిధులు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు.

కింది అంకె హాజరు పుస్తకం నుంచి వస్తుంది. అది విద్యార్థుల సంఖ్య కాదు, విద్యార్థి దినాలు. ఒకడు ముప్ఫై రోజులు తింటే ముప్ఫై దినాలు, పన్నెండు రోజులు తింటే పన్నెండు. అందరి దినాలూ కూడి, వాడకాన్ని దానితో భాగిస్తే ఒక రోజు ఖర్చు వస్తుంది. ఊరికి వెళ్లేవాడు ముందురోజు సాయంత్రంలోగా పేరు రాయిస్తేనే అతని దినాలు తీసేసేవారు. ఇది కఠినంగా అనిపించేది. కానీ పొద్దున్న గుండిగలో పోసే బియ్యం ముందురోజు సాయంత్రం లెక్కను బట్టే కొలుస్తారు. చెప్పకుండా వెళ్లినవాడి అన్నం కూడా ఉడికిపోతుంది.

వంటవాళ్లు, వాచ్‌మన్ కూడా మెస్‌లోనే తినేవారు. అది వారి జీతంలో భాగం కాబట్టి వారి తిండి ఖర్చు పిల్లల బిల్లులోనే కలిసేది. ఇందులో తప్పేమీ లేదు. అయితే తలసరి బియ్యం ఎంత పట్టిందో చూసేటప్పుడు మాత్రం వారినీ కలుపుకోవాలి. 72 కిలోల బియ్యం వండితే 180 మంది పిల్లలకు తలా 400 గ్రాములు కనిపిస్తుంది. తిన్నవాళ్లు నిజానికి 188 మంది అయితే అది సుమారు 383 గ్రాములే. పక్క హాస్టల్ వాళ్లతో పోల్చుకునే ముందు ఈ తేడా చూసుకోవాలి.

నాలుగు వస్తువులు, నాలుగు స్వభావాలు

బియ్యం తలలతో పాటే నడుస్తుంది. పదిమంది తగ్గితే పదిమంది బియ్యం తగ్గుతుంది.

కూరగాయలు కూడా దాదాపు అంతే గానీ వాటికి రెండు మెలికలున్నాయి. బజారులో తూచినదంతా కూరలో పడదు. బీరకాయకు చెక్కు, కాలీఫ్లవరుకు ఆకులూ కాడా పోతాయి. బంగాళాదుంపకు పోయేది తక్కువ. అందుకని ధర చూసి కాదు, కత్తిపీట దగ్గర మిగిలిన ముక్కల బరువు చూసి ఏది చవకో తేల్చాలి. రెండో మెలిక, ఎక్కువ కొంటే మార్కెట్‌లో టోకు ధర, తక్కువ కొంటే వీధి చివరి కొట్టు ధర.

నూనెలో సగం తలలతో, సగం వంటతో నడుస్తుంది. నలభై మందికైనా, ఎనభై మందికైనా కూరకు తాలింపు వేయాల్సిందే. మూకుడు అడుగు తడవాల్సిందే. నూనె కొనుగోలులో ఇంకో జాగ్రత్త ఉంది. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా చూపుకు ఒకేలా ఉంటాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలు. రెండింటి ధరలు పక్కపక్కన పెట్టి ఇది చవక అనుకుంటే, ఒక్కో డబ్బాకు కిలో 350 గ్రాముల దాకా తేడా ఉంటుంది. స్టాకు రిజిస్టరులో డబ్బాలని రాయకుండా కిలోలే రాయాలని మేము పట్టుబట్టింది ఇందుకే.

ఇక వంటచెరకు. కట్టెల రోజుల్లో బండి లెక్కన కొనేవారు, తర్వాత తూకం లెక్కన. తూకానికి కొంటే పచ్చికట్టె బరువులో చాలా భాగం నీళ్లకే డబ్బిచ్చినట్టు. పైగా ఆ నీళ్లు ఆవిరయ్యేందుకే కొంత మంట పోతుంది, పొగ కూడా ఎక్కువ. గ్యాస్ వచ్చాక పొగ పోయింది, లెక్క కూడా శుభ్రపడింది. హోటళ్లు, హాస్టళ్లు వాడే పెద్ద సిలిండర్లో 19 కిలోల గ్యాస్ ఉంటుంది. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. రోజూ ఒకే సమయానికి తూచితే ఆ రోజు ఎంత కాలిందో తెలిసిపోతుంది. చలికాలం సిలిండర్ చివరికొచ్చేసరికి మంట పడిపోతుంది. అప్పుడు దాన్ని తీసేసి పంపిస్తే అడుగున మిగిలిన గ్యాస్ డబ్బు కూడా దానితోనే వెళ్లిపోతుంది. తూచి పంపితే అది ఎంతో కనీసం తెలుస్తుంది.

గ్యాస్ స్వభావం మాత్రం మిగతా మూడింటికీ భిన్నం. అది తలలతో కన్నా పొయ్యితో ఎక్కువ నడుస్తుంది. పెద్ద గుండిగను వేడెక్కించడానికి పట్టే మంట, అందులో అరవై మంది అన్నం ఉన్నా నూట అరవై మంది అన్నం ఉన్నా, అంతగా మారదు. మూడు పూటలా పొయ్యి వెలగాల్సిందే.

దసరా సెలవుల లెక్క

ఈ స్వభావాల తేడా కాగితం మీద ఎలా కనిపిస్తుందో చూద్దాం. పాత ధరలు చెబితే ఇప్పటివారికి అందవు కాబట్టి, లెక్కకు అనువుగా నేటి ధరలకు దగ్గరగా గుండు అంకెలు వేస్తాను. బియ్యం కిలో 50, కూరగాయలు సగటున 40, నూనె 140, గ్యాస్ 100 రూపాయలు. పప్పు, పాలు, గుడ్లు, జీతాలు పక్కన పెడదాం.

హాస్టల్ నిండుగా 180 మంది ఉన్న రోజు. బియ్యం 72 కిలోలు, 3600 రూపాయలు. కూరగాయలు 36 కిలోలు, 1440. నూనె నాలుగున్నర కిలోలు, 630. గ్యాస్ అర సిలిండర్, అంటే తొమ్మిదిన్నర కిలోలు, 950. మొత్తం 6620 రూపాయలు. తలా 36 రూపాయల 78 పైసలు.

ఇప్పుడు దసరా సెలవులు. ఊరికి వెళ్లని 40 మంది ఉన్నారు. బియ్యం 16 కిలోలు, 800 రూపాయలు. కూరగాయలు 8 కిలోలే కాబట్టి పక్క కొట్టులో కిలో 50 లెక్కన 400. నూనె కిలో 400 గ్రాములు, 196. గ్యాస్ 5 కిలోలు, 500. మొత్తం 1896 రూపాయలు. తలా 47 రూపాయల 40 పైసలు.

బజారులో బియ్యం, నూనె, గ్యాస్ ధర ఒక్క పైసా పెరగలేదు. పిల్లల పళ్లెంలో ఒక్క మెతుకు ఎక్కువ పడలేదు. అయినా తలసరి ఖర్చు 10 రూపాయల 62 పైసలు పెరిగింది. అందులో బియ్యం వాటా సున్నా. నూనెది రూపాయి 40 పైసలు, కూరగాయలది 2 రూపాయలు. మిగిలిన 7 రూపాయల 22 పైసలు ఒక్క గ్యాస్‌దే.

సెలవుల్లో హాస్టల్లో ఎవరు మిగిలేవారో మీకందరికీ తెలుసు. బస్సు ఛార్జీకి వెనుకాడే ఇళ్ల పిల్లలు, అమ్మానాన్నలు వలస పనికి వెళ్లి ఊళ్లో తలుపు తాళమేసి ఉన్న పిల్లలు, వెళ్లడానికి ఇల్లే లేని ఒకరిద్దరు. మన మెస్‌లో చాలాకాలం సెలవుల లెక్క విడిగా కట్టేవారు. తిన్నవాళ్లే పంచుకోవాలి అన్నది న్యాయంగానే వినిపిస్తుంది. ఫలితం మాత్రం, కట్టలేనివాళ్ల మీద ఎక్కువ బిల్లు.

దీని మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది. సెలవులను విడిగా కాకుండా నెల మొత్తంలో కలిపి భాగించాలని కొందరం అన్నాం. ఇంటికి వెళ్లిన మా పిల్లలు ఉండిపోయినవారి ఖర్చు ఎందుకు మోయాలని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అడగదగిన ప్రశ్నే. దానికి జవాబు నల్లబల్ల మీద వేసి చూపించాల్సి వచ్చింది.

పై అంకెలతోనే ఆ లెక్క ఇది. నెలలో ఇరవై రోజులు 180 మంది, పది రోజులు 40 మంది. విద్యార్థి దినాలు 3600, 400 కలిపి 4000. ఖర్చు 1,32,400, 18,960 కలిపి 1,51,360 రూపాయలు. భాగిస్తే రోజుకు 37 రూపాయల 84 పైసలు. ఇంటికి వెళ్లినవాడు తన ఇరవై రోజులకు మునుపటి కన్నా సుమారు 21 రూపాయలు ఎక్కువ కడతాడు. ఉండిపోయినవాడికి ముప్ఫై రోజుల మీద సుమారు 74 రూపాయలు తగ్గుతాయి. నూట నలభై మంది నెలకు తలా 21 రూపాయలు మోస్తే నలభై మంది మీద నుంచి తలా 74 రూపాయల బరువు దిగుతుంది. అంకెలు కళ్లముందు పడ్డాక వాదన చల్లబడింది. ఆ నెల నుంచి ఒకే లెక్క అయింది.

కింది అంకెను ఎలా పరీక్షించాలి

డివైడింగ్ పద్ధతిలో ఒక మేలుంది. హాజరు తక్కువ రాస్తే అందరి బిల్లూ పెరుగుతుంది కాబట్టి విద్యార్థులే పట్టుకుంటారు. తలకింత అని బయటి నుంచి డబ్బు వచ్చే చోట ఇది తిరగబడుతుంది. అక్కడ హాజరు ఎక్కువ రాస్తే డబ్బు ఎక్కువ వస్తుంది, పట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ఏ హాస్టల్ పుస్తకమైనా నా ముందు పెడితే నేను చూసేది ఒక్కటే. సంఖ్య పెరిగిన నెలలో బియ్యం, గ్యాస్ ఏం చేశాయి? నిజంగా ఇరవై మంది పెరిగితే బియ్యం ఇరవై మందికి సరిపడా పెరుగుతుంది, గ్యాస్ కొద్దిగా పెరుగుతుంది. సంఖ్య పెరిగి బియ్యం, గ్యాస్ రెండూ కదలకుండా ఉంటే పెరిగింది పిల్లలు కాదు, కాగితం. సంఖ్య, గ్యాస్ అలాగే ఉండి బియ్యం మాత్రమే పెరిగితే లాటు మారి ఉండాలి, లేదా స్టోరు తలుపు చూసుకోవాలి. అబద్ధం రాసేవారు సాధారణంగా ఒక పుస్తకాన్నే సరిచేస్తారు. నాలుగు వస్తువులనూ వాటి వాటి స్వభావాల ప్రకారం సరిచేయడం కష్టం. ఈ పరీక్షకు కూడా హద్దుంది. పండుగ నెలలో పిండివంటలు చేస్తే నూనె, గ్యాస్ రెండూ పెరుగుతాయి. అందుకే ఒక నెలను చూసి తీర్పు చెప్పకూడదు, పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి.

తలకింత అనే స్థిర రేటుకు మరో గుణం ఉంది. తెలంగాణ ప్రభుత్వ వసతి గృహాల్లో 2024లో డైట్ ఛార్జీలను 3 నుంచి 7వ తరగతి వారికి నెలకు 950 నుంచి 1330 రూపాయలకు, 8 నుంచి 10 వారికి 1100 నుంచి 1540కి పెంచారు. 1330ని ముప్ఫైతో భాగిస్తే రోజుకు 44 రూపాయల చిల్లర. డివైడింగ్ పద్ధతిలో బజారు ధర పెరిగితే నెలాఖరున తండ్రి చేతికి బిల్లుగా వెళ్తుంది, కోపమూ వస్తుంది. స్థిర రేటులో రేటు మారేదాకా ఆ పెరుగుదల బిల్లులో కనిపించదు. పళ్లెంలో కనిపిస్తుంది. గ్యాస్ తగ్గించలేరు, బియ్యం తగ్గిస్తే పిల్లలు లేచి అడుగుతారు. తగ్గేది కూరగాయలే. కూరలో పులుసు పెరిగి ముక్క తగ్గిందంటే రేటుకూ బజారుకూ మధ్య దూరం పెరిగిందని అర్థం.

మన హాస్టల్ ఇప్పుడు

రోడ్లు పడి, బస్సులు పెరిగి, ఊరూరా ప్రైవేటు బడులు వచ్చాక మన హాస్టల్లో చేరేవారు తగ్గారు. అంటే ఒకప్పుడు దసరాకు మాత్రమే కనిపించిన లెక్క ఇప్పుడు ఏడాది పొడవునా కొంత కొంత కనిపిస్తోంది. ధరలు ఎంత పెరిగినా పెరగకపోయినా, కింది అంకె చిన్నదవుతున్నంత కాలం తలసరి ఖర్చు పైకే పోతుంది.

స్వర్ణోత్సవ నిధిని పిల్లల తిండికి ఎలా వాడాలన్న చర్చ మన సంఘంలో నడుస్తోంది. పిల్లవాడికి ఇంత అని పంచుదామన్నది ఎక్కువమంది మాట. నా సూచన వేరు. తలలతో పాటు తగ్గని ఖర్చు ఏదో దాన్ని సంఘం తీసుకోవాలి, అంటే గ్యాస్. పెద్ద గుండిగల బదులు నలభై యాభై మందికి సరిపడే గుండిగలు ఒక జత కొనిస్తే సెలవుల్లో మంట మరికాస్త ఆదా అవుతుంది.

పైన వేసిన దసరా లెక్కే మళ్లీ చూడండి. సెలవుల్లో రోజుకు 500 రూపాయల గ్యాస్ ఖర్చును సంఘం భరిస్తే, మిగిలేది 1396. నలభై మందికి భాగిస్తే తలా 34 రూపాయల 90 పైసలు. ఇల్లు లేక హాస్టల్లో ఉండిపోయిన పిల్లవాడికి, హాస్టల్ నిండుగా ఉన్న రోజు కన్నా తక్కువే పడుతుంది. పది రోజుల సెలవులకు సంఘానికి అయ్యేది ఐదు వేల రూపాయలు.